రోల్‌ప్లేలో అప్పన్న మూడు నిమిషాల్లో మందు మానేశాడు, ఓపీలో మాత్రం లేచి వెళ్ళిపోయాడు

గుణుపురం_గోవిందు
రాయగడ జిల్లా, గుణుపురం వైపు మాది. మందు అలవాటున్నవాళ్ళతో ఎలా మాట్లాడాలో నర్సులకీ కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్లకీ నేర్పే పని నా నెత్తిన పడింది. మారాలన్న మాట పేషెంటు చేతే అనిపించే మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ పద్ధతి మీద రెండు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చి నేనే ఒక రోల్‌ప్లే రాశాను. పేషెంటు పేరు అప్పన్న. 38 ఏళ్ళు, సామాన్ల ఆటో తోలుతాడు, కడుపులో మంటని ఓపీకి వచ్చాడు. సాయంత్రం ఒక క్వార్టరు, చలికాలంలో పైన జీలుగు కల్లు. తాగుడు ఎంత ముదిరిందో కొలిచే ఆడిట్ పది ప్రశ్నలు అడిగితే 14 మార్కులు వచ్చాయి. స్క్రిప్టు ఇదీ:

నర్సు: రోజూ తాగుతున్నారా?
అప్పన్న: సాయంత్రం కొంచెం.
నర్సు: ఎందుకు తాగుతున్నారు?
అప్పన్న: ఒళ్ళు నొప్పులండి.
నర్సు: కడుపు మంటకి అదే కారణమని తెలుసా?
అప్పన్న: తెలీదండి.
నర్సు: ఈ కాగితం మీద లాభాలో పక్క, నష్టాలో పక్క రాద్దామా?
అప్పన్న: రాద్దామండి.
నర్సు: చూశారా, నష్టాలే ఎక్కువ. మరి మానేస్తారా?
అప్పన్న: అలాగేనండి, రేపటి నుంచి మానేస్తాను.

క్లాసులో చప్పట్లు కొట్టారు. మరుసటి వారం ఒక సిస్టరు ఇదే వరసలో నిజం పేషెంటుని అడిగింది. కాగితం తీసేసరికి ఆయన "మాత్రలిస్తే ఇవ్వండి, బండి లోడు మీదుంది" అని లేచిపోయాడు. లోపం సిస్టరులో ఉందా, స్క్రిప్టులో ఉందా? మొహమాటం లేకుండా చెప్పండి.

జీలుగు_నీడ
మీ అప్పన్న రేపటి నుంచి మానేస్తానన్నాడు కదా. నేనూ పదకొండేళ్ళు అలాగే రేపటి నుంచి మానేశాను.

తిన్నగా_మాట
ముప్పై ఏళ్ళు ఆసుపత్రి మందుల కౌంటర్లో కూర్చున్నవాణ్ణి. ఈ ఇంటర్వ్యూలూ గింటర్వ్యూలూ కాదు, లివర్ బొమ్మ గోడకి తగిలించి భయం పెట్టండి. భయం లేనిదే ఎవడూ మానడు.

జీలుగు_నీడ
తిన్నగా_మాట గారూ, నా లివరు స్కానింగు ఫొటో నా చేతికే ఇచ్చారు. భయమేసింది. భయమేస్తే ఏం చేస్తాం మరి, దారిలో షాపు కనబడింది.

వంశధార_ఒడ్డు
బరంపురంలో పదిహేనేళ్ళుగా ఇదే పని నాది. సిస్టరుది తప్పు కాదు, స్క్రిప్టుది. అందులో ఐదు ప్రశ్నలున్నాయి. అప్పన్న చెప్పింది విన్నట్టు తిరిగి చెప్పిన వాక్యం ఒక్కటీ లేదు. అంటే నర్సు అడుగుతూ పోయింది, ఆయన పోలీసు స్టేషన్లో కూర్చున్నట్టు జవాబులిస్తూ పోయాడు. మా శిక్షణలో టేపు పెట్టి లెక్కేస్తాం. అలా తిరిగి చెప్పే వాక్యాన్నే రిఫ్లెక్షన్ అంటాం. ప్రశ్నకొక రిఫ్లెక్షన్ ఉంటే ఓ మాదిరి, ప్రశ్నకి రెండుంటే బాగున్నట్టు. మీది ఐదుకి సున్నా.

దానికంటే పెద్ద లోపం ఇంకోటుంది. ఈ అప్పన్నకి ఊగిసలాట లేదు. ఓపీకి వచ్చే మనిషికి మందు మీద రెండు మనసులుంటాయి, మానాలనీ ఉంటుంది, వద్దనీ ఉంటుంది. ఆ రెండో మనసుని మీరు రాయలేదు కాబట్టి దాంతో ఎలా మాట్లాడాలో క్లాసులో ఎవరూ నేర్చుకోలేదు. నర్సు మానమనే పక్క పట్టుకుంటే, ఎదుటివాడు తక్కెడ సరిచేసినట్టు మానకూడదనే పక్కకి పోతాడు. తన నోటితో తనే తాగడానికి కారణాలు చెప్పుకుంటాడు, చెప్పిన కొద్దీ వాటినే నమ్ముతాడు. విలియం మిల్లర్ అనే అమెరికా సైకాలజిస్టు 1983లో ఈ పద్ధతి గురించి మొదట రాసినప్పటి నుంచీ అసలు సంగతి ఇదే. మానడానికి కారణాలు పేషెంటు నోట రావాలి, మన నోట కాదు.

పర్లాకిమిడి_సిస్టర్
"అలాగేనండి" అన్న మాట దగ్గరే నాకు నవ్వొచ్చింది. మా వార్డులో రోజుకి వంద వింటాను. అలాగేనండి అంటే ఒప్పుకున్నట్టు కాదు, ఇక నన్ను వదిలెయ్యమని.

వంశధార_ఒడ్డు
సిస్టర్ చెప్పింది క్లాసులో బోర్డు మీద రాయండి గోవిందు గారూ. మేం రెండు రకాల మాటలు వేరుచేసి నేర్పిస్తాం. మానడం వైపు వంగేది వదిలే మాట, తాగడం వైపు వంగేది పట్టుకునే మాట. "మానాలనుంది", "మానగలను", "మానితే ఇంట్లో గొడవుండదు", "మానక తప్పదు", ఇవన్నీ వదిలే మాటలే. "మానితే బాగుణ్ణు" కూడా అందులోదే, చిన్నదని పారేయకూడదు. "అలాగే", "చూద్దాం" మాత్రం రెండిట్లో ఏదీ కాదు. అందులో ఆయన సొంత కారణం ఏదీ లేదు.

క్లాసులో రెండు గ్లాసులు, గుప్పెడు చింతపిక్కలు పెట్టండి. రోల్‌ప్లే నడుస్తుంటే వదిలే మాట వినబడినప్పుడల్లా ఒకరు ఈ గ్లాసులో పిక్క వేస్తారు, పట్టుకునే మాటకి ఇంకొకరు ఆ గ్లాసులో. నర్సు ఏమన్నాక ఏ గ్లాసు మోగిందో అందరికీ చెవులకి తెలిసిపోతుంది.

నాగావళి_కెరటం
ఇక్కడ అడగొచ్చో లేదో తెలీదు. మా మరిది గురించి. భోజనంలో తెలీకుండా కలిపే మందు ఉంటుందట కదా, వాసన రుచి ఉండదట. దాని పేరు ఎవరైనా చెప్పగలరా? మాటలు చెప్పి చెప్పి మా అత్తగారు అలిసిపోయారు.

వంశధార_ఒడ్డు
నాగావళి_కెరటం గారూ, మీరంటున్నది డైసల్ఫిరామ్ అయ్యుంటుంది. దయచేసి కలపొద్దు. అది ఒంట్లో ఉండగా మందు తాగితే మొహం ఎర్రబడి వాంతులు, గుండె దడ వస్తాయి, బీపీ పడిపోతుంది, ప్రాణం మీదకీ రావచ్చు. అందుకే తాగితే ఏమవుతుందో పేషెంటుకి ముందే చెప్పి, ఆయన ఒప్పుకున్నాకే, పరీక్షలు చేసి ఇస్తారు. మీ మరిదికి తెలీకుండా పెడితే, ఆయనకి తెలీకుండానే ఆ సాయంత్రం తాగుతాడు. మానసిక ఆరోగ్య సాయానికి ప్రభుత్వం పెట్టిన టెలీ మానస్ నంబరు 14416కి ఇంట్లోవాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

నాగావళి_కెరటం
అమ్మో. మా తోటికోడలు ఎక్కడో పొడి కొనుక్కొచ్చింది కూడా. ఇప్పుడే పారబోయిస్తాను.

పర్లాకిమిడి_సిస్టర్
స్క్రిప్టు దగ్గరికొద్దాం. నాకో ఇబ్బంది ఉంది. శిక్షణలో రిఫ్లెక్షన్ అంటే ఆయన మాటనే తిరిగి చెప్పమన్నారు. తెలుగులో చెప్పేసరికి ప్రశ్నయిపోతుంది. "ఒళ్ళు నొప్పులకి తాగుతున్నారా?" అంటే నిలదీసినట్టు. "ఒళ్ళు నొప్పులకి తాగుతున్నారంట" అంటే వెటకారం. "తాగుతున్నారన్నమాట" అంటే దొంగ దొరికాడన్నట్టు. మా వార్డులో ఒకాయన "ఏటమ్మా, చిలకలాగ నేనన్నదే అంటావు" అని అడిగేశాడు కూడా.

సిరొంచ_బాపు
గడ్చిరోలిల మా సిరొంచ దిక్కు గూడ గదే ముచ్చట. "తాగుతున్నరా?" అంటె అయిపాయె, నోరు మూస్తడు. మా జిల్లాల 1993 సంది దారు బంద్. తాగిన అని ఒప్పుకుంటె ఎవలకన్న జెప్తరేమో అని భయం. ఇప్పసార గురించి అడుగుతె "మా దిక్కు దొరకది సార్" అంటరు, నోరు మాత్రం గుప్పుమంటది. మీ అప్పన్నకి గా భయం లేదు, మీరు అదృష్టవంతులు.

వంశధార_ఒడ్డు
బాపు గారి దగ్గర అయితే "మీరు చెప్పింది ఈ గది దాటదు" అన్నది మొదటి వాక్యం కావాలి, నిజంగా దాటకూడదు కూడా. రిజిస్టర్లో ఎవరు ఏం చూస్తారో ముందే తేల్చుకుని ఆ మాట అనాలి.

సిస్టర్ ఇబ్బందికి నాకు దొరికిన ఉపాయం చెప్తాను. వాక్యం చివర "ఆ" తీసేయండి, గొంతు పైకి లేపకుండా కిందకి దించండి, "మీరు అన్నారు" అన్నది వదిలేయండి. ఆయన మాటే మళ్ళీ అనకండి, ఆ మాట వెనకున్నది అనండి. "ఒళ్ళు నొప్పులండి" అంటే "సాయంత్రానికి ఒళ్ళు చేతుల్లో ఉండదు." అంతే, ఆపేయాలి. తప్పయితే ఆయనే సరిచేస్తాడు, ఆ సరిచేయడంలో ఇంకా చెప్తాడు. అప్పుడు చిలక అనడు.

గోవిందు గారూ, మీ అప్పన్ననే తీసుకుని తిరగరాశాను. మనిషి అదే, మార్కులూ అవే. పంక్తి కింద ఎందుకో రాశాను. క్లాసులో ముందు వ్యాఖ్యలు లేకుండా చదివించి, ఆగిన చోట మాత్రం చూపించండి.

నర్సు: కడుపు మంటకి మాత్రలు రాస్తున్నాను. మందు సంగతి కూడా ఓ ఐదు నిమిషాలు మాట్లాడుకోవచ్చా? మానమని చెప్పడానిక్కాదు, మీకెలా ఉందో వినడానికి.
*వచ్చిన పని ముందు తీర్చాలి, తర్వాతే అడగాలి. వద్దంటే వదిలేయాలి. ఒక్కసారైనా అప్పన్న పాత్రధారి చేత "వద్దు" అనిపించి, నర్సు నిజంగా వదిలేస్తుందో లేదో చూడండి. సగం మంది వదలరు.*

అప్పన్న: మాట్లాడండి. అందరూ చెప్పేదే కదా.
నర్సు: విని విని విసుగొచ్చేసింది.
*ఇది మందు గురించి కాదు, మన గురించి ఆయన చిరాకు. దీన్ని దాటేసి ముందుకెళ్తే మిగతాదంతా దండగ.*

అప్పన్న: మరేటి. మా ఆవిడ, మా అత్త, ఆఖరికి యూనియన్ ప్రెసిడెంటు. ఆయన నాకంటే ఎక్కువ తాగుతాడు. పొద్దున్న ఆరు నుంచి సిమెంటు బస్తాలెక్కించి దించితే సాయంత్రానికి నడుముండదు. ఆ క్వార్టరు పడకపోతే నిద్ర పట్టదు.
నర్సు: బస్తాలు మోసిన ఒళ్ళుకి, అది పడితేనే నిద్ర.
*పట్టుకునే మాట. కాదనకూడదు, పొగడకూడదు. విన్నామని తెలియాలి, అంతే. దీని మీద మూడు ప్రశ్నలడిగితే పది కారణాలు చెప్తాడు.*

అప్పన్న: అంతే. నిద్రంటే… రెండింటికి మెలకువొచ్చేస్తుందనుకోండి. మళ్ళీ పట్టదు.
నర్సు: నిద్ర కోసం తాగితే, ఆ నిద్ర రెండింటికే అయిపోతోంది.
*ఇక్కడ ప్రతి నర్సుకీ నాలుక దురద పెడుతుంది. మందు తాగితే నిద్ర త్వరగా పడుతుంది గానీ తెల్లవారుజామున చెడిపోతుందని మనకి తెలుసు, చెప్పేయాలనిపిస్తుంది. చెప్పకండి. ఆయనే కనిపెట్టేశాడు. మనం పాఠం మొదలెడితే అది మళ్ళీ మన మాటయిపోతుంది.*

అప్పన్న: అదే. పొద్దున్న బండి తీసేసరికి తల దిమ్ముగా ఉంటుంది. మొన్న గుడారి రోడ్డు మలుపులో ఆవుని చూసుకోలేదు. పక్క సీట్లో మా ఆడగుంట ఉంది.
నర్సు: గుంట పక్కనుంది.
*రెండే మాటలు. తర్వాత మూడు అంకెలు లెక్కపెట్టేంతసేపు మౌనం.*

అప్పన్న: ఏడేళ్ళు దానికి. అప్పట్నుంచి నా బండెక్కనంటోంది. మానాలనే ఉందండి. సాయంత్రం యూనియన్ దగ్గరికొస్తే చెయ్యి దానికదే వెళ్ళిపోతుంది.
నర్సు: ఒకపక్క ఒళ్ళు నొప్పులు, యూనియన్ దగ్గర నలుగురు. ఇంకోపక్క గుంట బండెక్కనంటోంది, మానాలని మీకే ఉంది.
*రెండు మనసుల్నీ ఒకే వాక్యంలో పెట్టడం. తాగే పక్క ముందు, మానే పక్క చివర. మనిషి ఆఖరున విన్నదానికే జవాబిస్తాడు. తిప్పి చెప్పి చూడండి, "అవునండీ, నలుగురితో కూర్చోకపోతే లోడు రాదు" అంటాడు. మధ్యలో "కానీ" వేయకండి. ముందు చెప్పినదాన్ని "కానీ" కొట్టేస్తుంది.*

మిగతాది రాత్రికి రాస్తాను, ఓపీ ఉంది.

తిన్నగా_మాట
ఇదంతా బాగుంది గానీ ఐదు నిమిషాలన్నారు. మా దగ్గర ఓపీలో మనిషికి దొరికేది రెండు నిమిషాలు. అంతసేపు గుంట పక్కనుంది అంటూ కూర్చుంటే వెనక వరస గొడవ పెడుతుంది.

పర్లాకిమిడి_సిస్టర్
చదివి చూడండి, నిమిషంన్నర కూడా పట్టదు. నేను గడియారం పెట్టి చదివాను. నర్సు మాట్లాడేది తక్కువ కదా.

జీలుగు_నీడ
రెండింటికి మెలకువ. ఇది ఎవరు చెప్పారండీ మీకు. సరిగ్గా అదే. పైకప్పు చూస్తూ పడుకుని రేపు మానేద్దాం అనుకునే టైం అది. సాయంత్రం ఆరింటికి ఆ మనిషి వేరు. రెండింటి మనిషి చెప్పినట్టు ఆరింటి మనిషి వినడు.

గుణుపురం_గోవిందు
వంశధార గారూ, ఒక సందేహం. లాభనష్టాల కాగితం మీరు మొత్తం తీసేశారు. మాకు శిక్షణలో అదే ముఖ్యమని చెప్పారే.

తిన్నగా_మాట
అవును, అది తీసేయకూడదు. వ్యాపారి లెక్క చూసుకోకుండా కొట్టు మూస్తాడా? ముందు లాభాలు అడిగితే వాడికి మన మీద నమ్మకం కూడా వస్తుంది.

వంశధార_ఒడ్డు
తిన్నగా_మాట గారి రెండో వాక్యం నిజమే. మందులో ఏం బాగుంటుందో ఓసారి వింటే మనిషి సర్దుకుని కూర్చుంటాడు, నేనూ వింటాను. అసలు నోరు విప్పనివాడితో అక్కడే మొదలుపెడతాను. చిక్కు కాగితంతో వస్తుంది. ఎటూ తేల్చుకోనివాడి చేత రెండు వరసలూ సమానంగా నింపిస్తే, లాభాల వరస కూడా తన చేత్తో తనే రాసి పైకి చదువుతాడు. తక్కెడ అక్కడే ఆగిపోతుంది. ఉన్న పరిశోధనల్ని మిల్లర్, రోజ్ అనే ఇంకో పరిశోధకుడు 2015లో కలిపి చూశారు. ఊగిసలాటలో ఉన్నవాళ్ళకి ఈ పట్టిక మార్పు మీద పట్టుదలని తగ్గించేలా ఉందనే తేల్చారు. ఇప్పటికే మానాలని నిర్ణయించుకున్నవాడి సంగతి వేరు, వాడికి పనికి రావచ్చు. మనం ఏ పక్కకీ తోయకూడని విషయాలకి, ఒక కిడ్నీ దానమిచ్చే నిర్ణయంలాంటి వాటికి, ఆ కాగితం మంచిదే.

తిన్నగా_మాట
నేను ఒప్పుకోను. లెక్క లెక్కే.

సిరొంచ_బాపు
తిన్నగా అన్న, లెక్క జేసెటోడు పొద్దుమూకినంక లెక్క జేస్తడా? 😄

వంశధార_ఒడ్డు
రెండో సగం.

అప్పన్న: మాల వేసుకున్నప్పుడు 41 రోజులు ముట్టలేదు నేను.
నర్సు: 41 రోజులు, అదే యూనియన్ పక్కనుంచే వెళ్తూ. ఎలా గడిపారు ఆ సాయంత్రాలు?
*మన వైపు బంగారంలాంటి మాట ఇది. "మళ్ళీ మాల వేసుకోండి అయితే" అనడం తేలిక, అది మన సలహా అవుతుంది. ఆయన ఏం చేశాడో ఆయన చేతే చెప్పించాలి.*

అప్పన్న: ఆరింటికి స్నానం, ఏడింటికి భజన. ఆరు నుంచి ఎనిమిదే చెడ్డ టైం. అది దాటితే పర్లేదు.
నర్సు: ఆ రెండు గంటలు దాటితే మీ చేతుల్లో ఉంటుంది. రూపాయిలో ఎన్నణాల మనసుంది ఇప్పుడు, తగ్గించడానికి?
అప్పన్న: ఆరణాలు.
నర్సు: రెండణాలు అనకుండా ఆరణాలు అన్నారు. ఏం చూసుకుని?
*సున్నా నుంచి పది స్కేలు మన జనం నోట పలకదు, అందుకే అణాలు. అసలు కీలకం తర్వాతి ప్రశ్న. "పదహారు ఎందుకు కాదు" అనడిగితే మానలేని కారణాలు చెప్తాడు. కింది అంకెతో పోల్చి అడిగితే మానే కారణాలు చెప్తాడు.*

అప్పన్న: గుంట కోసమే అనుకోండి. ఇంకా… ఆ రెండింటి మెలకువ. అలిసిపోయానండి దాంతో.
నర్సు: పొద్దున్న లేవగానే చేతులు వణకడం, చెమట్లు, ఒక్క గుక్క పడితే గానీ తగ్గకపోవడం, ఇలాంటివి ఉంటాయా? మాల వేసుకున్నప్పుడు మొదటి మూడు రోజులు ఎలా ఉంది?
*ఇక్కడ రిఫ్లెక్షన్లు ఆపి సూటిగా అడగాలి. ప్లాను మాట్లాడే ముందు ఇది తప్పనిసరి. ఎందుకో కింద చెప్తాను.*

అప్పన్న: వణుకు లేదండి. చిరాకు, అంతే.
నర్సు: సరే. ఆరు నుంచి ఎనిమిది సంగతి, ఈ వారానికి ఏం చేద్దామనుకుంటున్నారు?
అప్పన్న: బండి యూనియన్ దగ్గర పెట్టకుండా నేరుగా ఇంటికి తెచ్చేస్తాను, సోమ మంగళ బుధ. గుంటని బండి మీద ట్యూషన్‌కి దింపుతాను, ఎక్కితే.
*స్క్రిప్టు ఇక్కడ ఆపండి. "మానేస్తాను" అనిపించకండి.*

గుణుపురం_గోవిందు
"ఎక్కితే" దగ్గర ఆగిపోయాను. నా స్క్రిప్టులో అప్పన్న మనిషే కాదని ఇప్పుడు తెలుస్తోంది.

జీలుగు_నీడ
మూడ్రోజులు మానితే మీరు ఒప్పుకుంటారా? మిగతా నాలుగు రోజులు తాగుతాడుగా?

వంశధార_ఒడ్డు
ఒప్పుకుంటాను. లెక్క చూడండి. మన క్వార్టరు 180 మిల్లీలీటర్లు, అందులో 42.8 శాతం ఆల్కహాలు. బరువులో దాదాపు 60 గ్రాములు. పది గ్రాములు ఒక డ్రింకు అనుకుంటే రోజుకి ఆరు, వారానికి 42. మూడ్రోజులు తగ్గితే 24. తక్కువ కాదు, కానీ 42 కూడా కాదు. పైగా ఆ మూడ్రోజులు ఆయన ఎంచుకున్నవి.

తిన్నగా_మాట
38 ఏళ్ళవాడికి అణాలేంటండీ? వాడు పుట్టేసరికే అణాలు పోయి చాలా ఏళ్ళయ్యింది.

పర్లాకిమిడి_సిస్టర్
పదహారణాల తెలుగమ్మాయి అని మొన్న పెళ్ళిలో మా మేనల్లుడే అన్నాడు, వాడికి ఇరవై. లెక్క తెలీకపోయినా పదహారు నిండుదని తెలుసు. కాకపోతే ఒడియా పేషెంట్లతో నేను ఫోను బ్యాటరీ చూపిస్తాను. "చార్జింగ్ ఎంతుంది మీకు" అని.

వంశధార_ఒడ్డు
బ్యాటరీ నేను ఎత్తుకుపోతున్నాను సిస్టర్.

చేతుల వణుకు సంగతి. ఇది నా సొంత తప్పు, కొత్తలో జరిగింది. ఒకాయనతో గంటసేపు చక్కగా మాట్లాడాను. వదిలే మాటలు ధారాళంగా వచ్చాయి, ఆ శనివారమే మాల వేసుకుంటానన్నాడు. నేను పొంగిపోయాను. పొద్దున్నే తాగుతాడా అని అడగలేదు. వేసుకున్న మర్నాడు ఫిట్స్‌తో తీసుకొచ్చారు, తర్వాత రెండ్రోజులు ఎక్కడున్నాడో తెలీకుండా గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరిచాడు. బతికాడు. రోజంతా తాగే ఒళ్ళు ఒక్కసారి ఆపేస్తే మొదటి రెండ్రోజుల్లో ఫిట్స్, రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్య మతిభ్రమ రావచ్చు. అలాంటివాళ్ళకి మాటలు కాదు, ముందు డాక్టరు, క్లోర్‌డయజెపాక్సైడ్ లాంటి మాత్రలు తగ్గించుకుంటూ ఇవ్వడం, థయామిన్. ఆడిట్ 20 దాటితే నేను నర్సులకి చెప్పేది ఒకటే. మాట్లాడండి, తేదీ మాత్రం పెట్టించకండి, పంపించండి.

నాగావళి_కెరటం
మా మరిది పొద్దున్నే టీ గ్లాసు పట్టుకోలేడు. అంటే మేం మానెయ్ మానెయ్ అని పోరుపెట్టడం కూడా…

వంశధార_ఒడ్డు
మానాలనడం తప్పు కాదండి. ఇంట్లో గది తలుపేసి మాన్పించకండి. ముందు ఆసుపత్రికి, మీతో పాటు ఎవరైనా తోడుండగా. తీసుకెళ్ళేదాకా ఉన్నపళంగా ఆపించొద్దు.

సిరొంచ_బాపు
మా దిక్కు గదే పరేషాన్. ఎప్పుడన్న పోలీసు దాడి అయితదా, సార దొరకది, రెండొద్దులకి ఫిట్స్ కేసులొస్తయ్. మళ్ళ గోదారి వంతెన దాటి కాళేశ్వరం దిక్కు పోయి తాగొస్తరు. తాగనని ఒట్టేసినోడికే వణుకు ఎక్కువ కనబడుతది.

తిన్నగా_మాట
ఒక మాట అడుగుతాను, కోపం వద్దు. ఇదంతా చేస్తే ఎంతమంది మానతారు? లెక్క ఉందా?

వంశధార_ఒడ్డు
ఉంది. గోవాలో సంగత్ అనే సంస్థవాళ్ళు చేసినది, 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. ప్రాథమిక ఆసుపత్రులకొచ్చే మగవాళ్ళు, ఆడిట్ 12 నుంచి 19 మధ్య ఉన్నవాళ్ళు, అంటే మన అప్పన్నలే. మాట్లాడింది డాక్టర్లు కాదు, శిక్షణ ఇచ్చిన మామూలు కౌన్సిలర్లు. మనిషికి నాలుగు కూర్చోడాల దాకా. మూడు నెలలకి నూటికి 36 మంది ఆడిట్ ఎనిమిది లోపుకి దిగారు. ఆ కౌన్సిలింగ్ లేనివాళ్ళలో 26.

తిన్నగా_మాట
అంటే పది మంది తేడా. ఇంత సర్కస్‌కి.

జీలుగు_నీడ
ఆ పదిలో నేనొకణ్ణి అయితే సర్కస్ కాదు తిన్నగా_మాట గారూ.

తిన్నగా_మాట
అది నిజమే. లివర్ బొమ్మ మాత్రం గోడ మీంచి తీయను.

గుణుపురం_గోవిందు
మూడు వారాల తర్వాత వస్తున్నాను. కొత్త స్క్రిప్టుతో పన్నెండు మందికి నేర్పాను. చింతపిక్కల ఆట అందరికీ నచ్చింది. మొదటిసారి పట్టుకునే గ్లాసే నిండింది, ఎందుకంటే మా సిస్టర్లు "యూనియన్ దగ్గర ఎవరెవరుంటారు, ఏ బ్రాండు" అని ఆరా తీశారు. రెండోసారి మౌనం నేర్పాను. మూడు అంకెల మౌనం చాలా కష్టం వాళ్ళకి. ఒకావిడ మనసులో కాకుండా పైకే లెక్కపెట్టేసింది.

ఇంకో సంగతి. స్క్రిప్టు బాగా బట్టీపట్టిన అమ్మాయి, అప్పన్న మాల సంగతి ఎత్తకపోయినా "41 రోజులు" అనేసింది. అందుకని ఇప్పుడు అప్పన్న పాత్రధారికి చీటీలిచ్చాను. చీటీ తీస్తే "మానాలనుంది" అంటాడు, లేదా "నా డబ్బు నా ఇష్టం" అంటాడు. నర్సుకి ఏదొస్తుందో తెలీదు.

వంశధార_ఒడ్డు
చీటీలు చాలా బాగుంది. వీళ్ళని వదిలేయకండి. మిల్లర్ వాళ్ళే 2004లో పరీక్షించి చూశారు, ఒక్క వర్క్‌షాప్‌తో నేర్చుకున్నది నెలల్లో జారిపోతుంది, తర్వాత వాళ్ళ సంభాషణ విని సరిచేసేవాళ్ళుంటేనే నిలుస్తుంది. నెలకొకసారి ఒప్పుకున్న పేషెంటుతో పది నిమిషాలు రికార్డు చేయించి, పక్కన కూర్చుని వినండి.

గుణుపురం_గోవిందు
వింటాను. ఒక్కటి మాత్రం తెగలేదు. మా సబ్‌సెంటర్లలో సగం మంది సవరలు. నర్సుకి సవర రాదు, ఆశా దీదీ మధ్యలో చెప్తుంది. మొన్న సిస్టరు చక్కగా "పొలం నుంచి వచ్చేసరికి అలిసిపోతున్నారు" అంది. ఆశా దీదీ ఏదో అంది, ఆయన లేచి నిలబడ్డాడు. ఏం చెప్పావమ్మా అంటే, "ఇక తాగొద్దని సిస్టరు చెప్తోందన్నాను" అంది.

పర్లాకిమిడి_సిస్టర్
మా దగ్గరా అంతే. ఆశాకే ముందు ఈ రోల్‌ప్లే నేర్పి, నర్సుని పక్కన కూర్చోబెట్టాలేమో. ఎవరైనా చేసి చూశారా?

సిరొంచ_బాపు
మా తాన గోండి, మాడియాతోని గదే కథ. నేనింక చెయ్యలే. చేస్తె ఈడ్నే రాస్త.